తప్పు జవాబుకీ ఒక కారణం ఉండాలి

ప్రశ్న రాయడానికి కూర్చున్నప్పుడు నేను ముందు ప్రశ్న రాయను. కాగితం మీద మొదట పడేది వివరణ. రాసేవాళ్లకు ఏ సంగతి తెలుసో లేదో చూడాలనుకుంటున్నానో దాన్ని ఒక్క వాక్యంలో పెట్టుకుంటాను. ఆ వాక్యం కుదిరితే దానికి తగిన రోగిని వెతుక్కుంటాను. రోగి కుదిరాక ప్రశ్న, తర్వాత సరైన జవాబు, చిట్టచివర తప్పు జవాబులు. ఎక్కువ సమయం ఆ చివరి మెట్టు దగ్గరే పోతుంది. పోవాలి కూడా.

నేను మెడికల్ కాలేజీలో సైకియాట్రీ చెబుతాను. పీజీలకు మందుల మీద పెట్టే పరీక్షలకు 'సింగిల్ బెస్ట్ ఆన్సర్' ప్రశ్నలు రాయడం, తోటి అధ్యాపకులు రాసినవి చూసి దిద్దడం నా పనిలో ఒక భాగం. ఈ పద్ధతిలో ముందు ఒక రోగి కథ ఉంటుంది, దాన్ని స్టెమ్ అంటాం. కథ కింద ఒకే ఒక్క ప్రశ్న, దాని కింద ఐదు ఆప్షన్లు. నీట్ పీజీలో నాలుగే ఇస్తారు, మేం ఐదు వాడతాం. సరైన జవాబు కీ, మిగతా నాలుగూ డిస్ట్రాక్టర్లు. వీటిలో ఒకటి నిజం, నాలుగు అబద్ధం అన్న లెక్క కాదిది. ఆ రోగి విషయంలో ఒకటి మిగతా నాలుగింటికన్నా మేలు, అంతే. మిగిలినవి ఇంకో రోగి దగ్గర సరైన జవాబులు కావచ్చు.

మనోవ్యాధుల మందుల విషయంలో ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. మా దగ్గర ఒకే లక్షణానికి చాలా కారణాలుంటాయి. చేతుల వణుకే తీసుకోండి. లిథియం మామూలు మోతాదులో ఉన్నప్పుడు సన్నటి వణుకు వస్తుంది, రక్తంలో అది మితిమీరితే పెద్ద వణుకు వస్తుంది. వాల్‌ప్రోయేట్ వణికిస్తుంది, హాలోపెరిడాల్ ఇంకో రకంగా వణికిస్తుంది, మద్యం ఉన్నట్టుండి మానేసినా చేతులు వణుకుతాయి. ఏది దేనివల్ల అన్నది వణుకుని బట్టి మాత్రమే తేలదు. ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎప్పుడు చేరింది, రక్తపరీక్ష ఏమంటోంది అన్నవాటిని కలిపి చూస్తే తేలుతుంది. డాక్టరు చెయ్యాల్సిన పని అదే కాబట్టి పరీక్ష కూడా దాన్నే అడగాలి.

లిథియం మీద మేం తయారుచేసిన ఒక ప్రశ్నని మొదటినుంచి చివరిదాకా చెబుతాను. మా విభాగంలో చేరిన యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకాయన తెచ్చిన చిత్తుప్రతి ఇలా ఉంది: 'కింది వాటిలో రక్తంలో లిథియం స్థాయిని పెంచేది ఏది?' ఆప్షన్లు: డైక్లోఫెనాక్, హైడ్రోక్లోరోథయజైడ్, టెల్మిసార్టాన్, థియోఫిలిన్, పారాసిటమాల్. ఇందులో మొదటి మూడూ లిథియంని పెంచుతాయి. డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర, హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర, టెల్మిసార్టాన్ బీపీ మాత్ర. థియోఫిలిన్ తగ్గిస్తుంది. పారాసిటమాల్ ఏమీ చేయదు. ఆయన కీ డైక్లోఫెనాక్ అని రాశారు.

"మూడూ పెంచుతాయి కదా" అంటే, ఆయన వెంటనే, "అయితే 'పెంచనిది ఏది' అని తిప్పేద్దాం మేడం" అన్నారు. చాలామంది ఇలాగే చేస్తారు. అలా తిప్పితే పారాసిటమాల్, థియోఫిలిన్ రెండూ జవాబులవుతాయి. ఒకదాన్ని మార్చి సరిచేసినా, 'కానిది ఏది' అనే ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్లకి అసలు సంగతి తెలుసన్న హామీ లేదు. సంబంధం లేని ఒక పేరుని గుర్తుపడితే చాలు, మార్కు వచ్చేస్తుంది. డైక్లోఫెనాక్ వేసుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ మార్కు వచ్చినవాళ్లు ఏం చేస్తారో మనకి తెలియదు.

అందుకే వివరణ దగ్గరికి వెనక్కి వెళ్లాం. మేం చూడాలనుకున్న సంగతి ఏమిటి? ఇదీ ఆ వాక్యం: 'ఏళ్ల తరబడి ఒకే మోతాదులో లిథియం వాడుతూ బాగున్న మనిషికి కొత్తగా నొప్పి మాత్ర చేరితే, కొద్ది రోజుల్లోనే లిథియం విషమించవచ్చు.' ఈ సంగతినే ఎంచుకోవడానికి కారణం మా ఓపీలో ఉంది. బైపోలార్ డిజార్డర్‌కి మా దగ్గర మందు తీసుకునే మనిషి మోకాళ్ల నొప్పికి మా దగ్గరికి రారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో మెడికల్ షాపుకో వెళ్తారు. లిథియం వాడుతున్నట్టు అక్కడ చెప్పరు, వాళ్లూ అడగరు. పదిరోజుల తర్వాత తూలుతూ వస్తే ఎమర్జెన్సీలో ఉన్న పీజీకి మొదట తట్టేది పక్షవాతమో, మందు మింగేశారన్న అనుమానమో. అసలు సంగతి తట్టాలంటే కిడ్నీ ఏం చేస్తుందో తెలిసుండాలి. లిథియం దాదాపు మొత్తం కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. అక్కడ సోడియంతో పాటే చాలావరకు మళ్లీ రక్తంలోకి తిరిగొస్తుంది కూడా. కిడ్నీకి రక్తప్రసరణ సరిగా సాగడానికి ప్రోస్టాగ్లాండిన్లు తోడ్పడతాయి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. దాంతో లిథియం బయటికి పోవడం తగ్గి రక్తంలో పేరుకుంటుంది.

ఇక రోగి. రెండో చిత్తులో ఆయన రాసిన స్టెమ్ చదవడానికి చాలా బాగుంది. అనంతపురం జిల్లా, మే నెల, వేరుశనగ చేలో కూలిపని, బీపీ ఉందని ఉప్పు తగ్గించి తినడం, పక్షం కింద మోకాలి నొప్పికి మాత్రలు, వారం నుంచి విరేచనాలు, వణుకు, తూలడం. మనుషుల్ని చూసినవాళ్లు రాసిన స్టెమ్ అది. ప్రశ్నగా మాత్రం పనికిరాదు. ఎండలో చెమటలు పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది. ఉప్పు మానేసినా పెరుగుతుంది. విరేచనాల వల్లా పెరుగుతుంది. డైక్లోఫెనాక్ వల్లా పెరుగుతుంది. నిజజీవితంలో ఇవన్నీ ఒకే మనిషికి ఒకేసారి వస్తాయి, నిజమే. కానీ 'కారణం ఏది' అని అడిగి ఒక్కదానికే మార్కు ఇవ్వాలనుకున్నప్పుడు స్టెమ్‌లో రెండో కారణానికి తలుపు తెరిచి ఉంచకూడదు. ఎండ తీసేశాం. ఉప్పు తీసేశాం. విరేచనాలు లిథియం ఎక్కువైనందువల్ల కూడా వస్తాయి కాబట్టి ఉంచాం గాని, వణుకు తర్వాతే మొదలయ్యాయని వరస స్పష్టంగా రాశాం. అప్పుడు అవి కారణంలా కాక ఫలితంలా కనిపిస్తాయి.

రక్తపరీక్ష ఇవ్వాలా వద్దా అన్నదాని మీద మా మధ్య చాలాసేపు మాట నడిచింది. ఇవ్వకపోతే ప్రశ్న రోగనిర్ధారణ మీదికి పోతుంది: ఇది లిథియం ఎక్కువవడమా, ఇంకేదైనానా? ఇస్తే ప్రశ్న మందుల పొత్తు మీద నిలబడుతుంది: లిథియం ఎందుకు ఎక్కువైంది? రెండూ మంచి ప్రశ్నలే. కానీ ఒక ప్రశ్నతో రెండూ అడిగితే, తప్పు చేసినవాళ్లు ఎక్కడ తప్పారో మనకి అర్థం కాదు. మొదటి ఏడాది పీజీల కోసం కాబట్టి పరీక్ష ఫలితం ఇచ్చేశాం. చివరి మోతాదు తర్వాత పన్నెండు గంటలకి తీసిన రక్తం అని కూడా రాశాం. మాత్ర వేసుకున్న రెండు గంటలకే తీస్తే అంకె ఎక్కువే వస్తుంది, దాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేం. ఆ సంగతి తెలిసిన చురుకైన పీజీ 'రక్తం ఎప్పుడు తీశారు' అన్న అనుమానంతో ఆగిపోకూడదు.

అసలు పరీక్షలో ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

'52 ఏళ్ల మహిళ బైపోలార్ డిజార్డర్‌కి ఆరేళ్లుగా రాత్రిపూట 900 మిల్లీగ్రాముల లిథియం వాడుతోంది. మూడు నెలల క్రితం లిథియం స్థాయి లీటరుకు 0.7 మిల్లీమోల్స్, కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. పది రోజుల క్రితం మోకాలి నొప్పికి కొత్తగా ఒక మాత్ర మొదలుపెట్టింది. లిథియం మోతాదు మార్చలేదు. నాలుగు రోజులుగా చేతులు బాగా వణుకుతున్నాయి, నడకలో తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. నిన్నటి నుంచి విరేచనాలు. ఈరోజు పన్నెండు గంటల లిథియం స్థాయి 1.9. ఆమె కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఏదై ఉండడానికి అవకాశం ఎక్కువ?'

ఆప్షన్లు: ఆస్పిరిన్, ట్రమడాల్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్, ప్రీగబాలిన్.

కీ డైక్లోఫెనాక్. ఐదూ నొప్పికి ఇచ్చే మందులే. ఇది ముఖ్యం. నాలుగు నొప్పి మాత్రల మధ్య ఒక బీపీ మాత్ర పెడితే అది వేరుగా కనబడుతుంది, చదవనివాళ్లు కూడా దాన్ని కొట్టేస్తారు, లేదా అదే జవాబనుకుంటారు. పైగా టెల్మిసార్టాన్ లాంటిది పెడితే ఇంకో నిజమైన జవాబు తయారవుతుంది. నేను అసిస్టెంట్ ప్రొఫెసర్లకి తరచూ చెప్పే మాట: ఆప్షన్లు మూసేసి స్టెమ్ చదవండి, జవాబు మీకై మీరు చెప్పగలగాలి. కేస్, స్వాన్సన్ రాసిన ఎన్‌బీఎంఈ ప్రశ్నరచన పుస్తకం నేర్పేది కూడా ఇదే. పై ప్రశ్నకి ఆప్షన్లు మూసి చదివినవాళ్లు 'ఏదో ఎన్‌ఎస్‌ఏఐడీ అయ్యుంటుంది' అంటే స్టెమ్ సరిగ్గా ఉన్నట్టు. 'బీపీకి డైయూరెటిక్ ఏమైనా ఇచ్చారా' అంటే స్టెమ్‌లో ఎక్కడో లోపం ఉన్నట్టు.

ఇప్పుడు డిస్ట్రాక్టర్లు. ఒక్కో తప్పు జవాబు ఒక్కో నిజమైన పొరపాటు ఆలోచనకి ప్రతినిధి కావాలి. 'ఇలా అనుకునే డాక్టర్లు ఉంటారు' అని నేను చూపించగలగాలి. చూపించలేకపోతే అది ఆప్షన్ కాదు, కాగితం మీద ఖాళీని నింపిన అక్షరాలు.

ఆస్పిరిన్‌ని ఎంచుకునేవాళ్లు సగం చదివినవాళ్లు. నొప్పి మాత్రలు లిథియంని పెంచుతాయని వాళ్లకి తెలుసు, ఆస్పిరిన్ కూడా అదే వర్గంలోదని తెలుసు. తెలియనిది ఏమిటంటే ఆ వర్గంలో అన్నీ ఒకేలా ప్రవర్తించవు, ఆస్పిరిన్ లిథియం స్థాయిని చెప్పుకోదగ్గంతగా పెంచదు. ఈ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన డిస్ట్రాక్టర్ ఇది. బాగా చదివినవాళ్లనీ అరకొరగా చదివినవాళ్లనీ వేరుచేసేది ఇదే. 'బెస్ట్' అనే మాట అవసరమయ్యేది కూడా ఇక్కడే. ఆస్పిరిన్‌తో ఎన్నడూ ఏమీ జరగదని ఎవరూ ఒట్టేసి చెప్పరు, కానీ డైక్లోఫెనాక్ పక్కన పెట్టినప్పుడు ఏది ఎక్కువ సంభావ్యమో తేలికగా చెప్పగలం.

ట్రమడాల్‌ని ఎంచుకునేవాళ్లు ఇంకో దారిలో వస్తారు. ట్రమడాల్ సెరొటోనిన్ మీద పనిచేస్తుంది, లిథియంతో కలిస్తే సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చని పుస్తకాల్లో ఉంటుంది, అందులోనూ వణుకు, విరేచనాలు ఉంటాయి. ఆలోచన బాగుంది. కానీ అంకెని చూడలేదు. ట్రమడాల్ లిథియం స్థాయిని 0.7 నుంచి 1.9కి తీసుకెళ్లదు. ప్రీగబాలిన్‌ని ఎంచుకునేవాళ్లదీ అలాంటి దారే. ప్రీగబాలిన్ వల్ల తూలడం, మాట ముద్దగా రావడం ఉన్నవే, అది కూడా కిడ్నీ ద్వారానే పోతుంది. 'రెండూ కిడ్నీ నుంచే పోతాయి కాబట్టి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి' అన్న ఊహ నిజంలా వినిపిస్తుంది. కానీ ఒకే దారిన పోయినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని ఆపదు. డైక్లోఫెనాక్ పని వేరు, అది కిడ్నీలో రక్తప్రసరణనే మారుస్తుంది.

పారాసిటమాల్‌ని ఎంచుకునేవాళ్లకి నొప్పి మాత్రలన్నీ ఒకటే. మిగతా మూడింటికన్నా ఇది బలహీనమైన డిస్ట్రాక్టర్ అని మాకు తెలుసు. అయినా ఒక కారణంతో పెట్టాం. లిథియం వాడే మనిషికి నొప్పి వస్తే మొదట ఇవ్వాల్సిన మందు ఇదే. దాన్నే తప్పుపట్టే డాక్టరు ఉంటే ఆ సంగతి మాకు తెలియాలి. ఇక్కడే మా ఫార్మకాలజీ ప్రొఫెసర్ గారు మంచి అనుమానం తెచ్చారు. మెడికల్ షాపుల్లో అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ కలిసిన మాత్రలు విరివిగా అమ్ముతారు. స్టెమ్‌లో 'షాపులో కొన్న మాత్ర' అని రాసి ఉంటే పారాసిటమాల్ కూడా సమర్థించదగ్గ జవాబు అయ్యేది. అందుకే ఎక్కడ కొన్నదో రాయలేదు, బ్రాండు పేర్లు రాయలేదు, ఐదూ జెనరిక్ పేర్లతోనే ఇచ్చాం.

ఆ తర్వాత పరీక్ష రాయడంలో ఆరితేరినవాళ్లు వాడే సందుల్ని మూసుకుంటూ పోవాలి. కీ మిగతావాటికన్నా పొడుగ్గా ఉండకూడదు. అన్నిటిలోకీ జాగ్రత్తగా రాసినది కీ కాబట్టి అది సహజంగానే పొడుగైపోతుంది, దాన్ని కత్తిరించాలి. స్టెమ్‌లో వాడిన మాట కీలో తిరిగి కనిపించకూడదు. 'ఎప్పుడూ', 'అస్సలు' లాంటి మాటలున్న ఆప్షన్‌ని చదవనివాళ్లూ కొట్టేస్తారు. 'పైవన్నీ' అసలు వద్దు. పై ప్రశ్నలో ఆప్షన్లు ఒక్కో మందు పేరే కాబట్టి ఈ బాధ తక్కువ. కారణాలు, చికిత్స మెట్లు ఆప్షన్లుగా ఉన్న ప్రశ్నల్లో ఈ పనే గంటలు తింటుంది.

అలాంటిది ఒకటి క్లోజాపిన్ మీద ఉంది, క్లుప్తంగా చెబుతాను. స్కిజోఫ్రీనియాకి క్లోజాపిన్ వాడుతూ నిలకడగా ఉన్న ఒకాయన రోజుకి రెండు కట్టల బీడీలు తాగుతాడు. కాలు విరిగి ఆర్థోపెడిక్ వార్డులో చేరాడు, అక్కడ బీడీలు ఆగిపోయాయి. పది రోజులకి మత్తుగా పడుకోవడం, చొంగ కారడం, తర్వాత ఫిట్స్. పొగలోని కొన్ని హైడ్రోకార్బన్లు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని పెంచుతాయి, అది క్లోజాపిన్‌ని వేగంగా కరిగిస్తుంది. పొగ ఆగితే ఎంజైమ్ తగ్గుతుంది, అదే మోతాదు మందు రక్తంలో ఎక్కువైపోతుంది. కీ: పొగ ఆగడంతో ఎంజైమ్ తగ్గడం. దీనికి మంచి డిస్ట్రాక్టర్ 'నికోటిన్ ఆగడంతో ఎంజైమ్ తగ్గడం'. ఎంజైమ్ సంగతి తెలిసినవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు. కాని నికోటిన్‌కి ఇందులో పాత్ర లేదు. నికోటిన్ ప్యాచ్ ఇచ్చినా క్లోజాపిన్ పెరగడం ఆగదు. వార్డులో ప్యాచ్ అంటించి నిశ్చింతగా ఉండే డాక్టరు ఈ తప్పు చేస్తాడు కాబట్టి ఆ ఆప్షన్‌కి అక్కడ చోటుంది. ఈ ప్రశ్నకీ రెండో తలుపు ఉంది: ఇన్‌ఫెక్షన్ వస్తే కూడా క్లోజాపిన్ స్థాయి పెరుగుతుంది. ఆర్థోపెడిక్ వార్డులో ఉన్న మనిషి అంటే చదివేవాళ్లకి ఆ ఆలోచన రావడం న్యాయమే. అందుకని జ్వరం లేదు, సీఆర్‌పీ మామూలుగా ఉంది అని స్టెమ్‌లో రాయాల్సి వస్తుంది.

ఇంతా అయ్యాక వివరణ పూర్తిగా రాస్తాం. లిథియం ప్రశ్నకి మేం దాచుకున్న వివరణ ఇలా ఉంటుంది: 'కీ: డైక్లోఫెనాక్. మూడు నెలల క్రితం నిలకడగా ఉన్న స్థాయి కొత్త మాత్ర చేరిన పది రోజుల్లో రెట్టింపు దాటింది, మోతాదు మారలేదు, కాబట్టి కారణం లిథియం బయటికి పోకపోవడం. ఇచ్చిన ఐదింటిలో ఆ పని చేసేది డైక్లోఫెనాక్. ఆస్పిరిన్: అదే వర్గం, కానీ లిథియం స్థాయి మీద ప్రభావం స్వల్పం. ట్రమడాల్: లక్షణాలు కొంత కలుస్తాయి, 1.9 అనే స్థాయిని వివరించలేదు. ప్రీగబాలిన్: తూలడాన్ని వివరిస్తుంది, స్థాయిని వివరించదు. పారాసిటమాల్: లిథియంతో చెప్పుకోదగ్గ పొత్తు లేదు, నొప్పికి ఇదే మేలు. సరైన జవాబుకి ఒక మార్కు, మిగతా ఏ ఆప్షన్‌కీ సగం మార్కు లేదు.' దీని కింద రాసిన తేదీ, తిరిగి చూడాల్సిన తేదీ.

ఈ వివరణ పరీక్ష అయ్యాక రాయడం మొదలుపెడితే ఫలితాల్ని చూసి కీని సమర్థించుకునే రాత అవుతుంది. ముందే రాస్తే ప్రశ్నని దిద్దే సాధనం అవుతుంది. ఒక్కో డిస్ట్రాక్టర్‌కి రెండు సంగతులు చెప్పాలి: ఎవరు ఎందుకు దీన్ని ఎంచుకుంటారు, స్టెమ్‌లో ఏ మాట దీన్ని కొట్టేస్తుంది. రెండోది చెప్పలేకపోతే స్టెమ్‌లో ఆ మాట లేదన్నమాట. ట్రమడాల్‌ని కొట్టేసేది 1.9 అనే అంకె. ఆ అంకె తీసేస్తే ట్రమడాల్ ఎంచుకున్నవాళ్లతో వాదించడానికి మా దగ్గర ఏమీ మిగలదు.

తేదీ ఎందుకంటే, మందుల ప్రశ్నలకి వయసు వస్తుంది. క్లోజాపిన్ వాడేవాళ్లకి తెల్లకణాల లెక్క నమోదు చేయించే రెమ్స్ అనే కట్టుబాటు అమెరికాలో ఏళ్లపాటు ఉంది, 2025లో ఎఫ్‌డీఏ దాన్ని తొలగించింది. ఆ కట్టుబాటు మీద ఆధారపడిన ప్రశ్న ఎవరి బ్యాంకులో ఉన్నా అది ఇప్పుడు చెల్లదు. రక్తపరీక్ష అవసరమే పోయిందని అర్థం కాదు. అందుకే ఆ మార్పు తెలియని ప్రశ్న ఇంకా ప్రమాదకరం, చదివేవాళ్లని రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. కిడ్నీ, లిథియం సంబంధం మీద కట్టిన ప్రశ్నకి ఆ భయం తక్కువ. నేను వీలైనంతవరకు శరీరం ఎలా పనిచేస్తుందన్నదాని మీదే ప్రశ్న కడతాను, ఏ దేశపు నియమం మీదా కట్టను.

పరీక్ష అయ్యాక అంకెలు చూస్తాం. లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక తరగతితో చెబుతాను. 40 మంది రాశారనుకోండి. 24 మంది డైక్లోఫెనాక్, 8 మంది ఆస్పిరిన్, 5 మంది ట్రమడాల్, 3 మంది ప్రీగబాలిన్ పెట్టారు, పారాసిటమాల్ ఎవరూ పెట్టలేదు. 40లో 24 అంటే 0.6. ప్రశ్న మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు. తర్వాత మొత్తం పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చిన 27 శాతాన్నీ, తక్కువ వచ్చిన 27 శాతాన్నీ తీస్తాం, అంటే చెరో 11 మంది. పైవాళ్లలో 10 మంది, కిందివాళ్లలో నలుగురు సరిగ్గా రాశారనుకుందాం. తేడా 6, దాన్ని 11తో భాగిస్తే సుమారు 0.55. ప్రశ్న చదివినవాళ్లనీ చదవనివాళ్లనీ బాగా విడదీసింది. ఒక ఆప్షన్‌ని నూటికి అయిదుగురైనా ఎంచుకోకపోతే అది పనిచేయని డిస్ట్రాక్టర్ అని లెక్క. ఈ తరగతిలో పారాసిటమాల్ అలాంటిదే.

దాని స్థానంలో ఇంకోటి పెట్టాలా? చాలామంది ఏదో ఒకటి తెచ్చి ఐదు నింపుతారు. నేను నింపను. 2005లో రోడ్రిగెజ్ అంతకుముందు జరిగిన ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసి, చాలా పరీక్షలకి మూడు ఆప్షన్లు చాలని తేల్చాడు. కీ పక్కన రెండు నిఖార్సయిన డిస్ట్రాక్టర్లు ఉంటే అవి చేసే పని ఎవరూ ముట్టని ఇంకో రెండిటి వల్ల పెరగదు. కాలేజీ ఐదే కావాలంటే పారాసిటమాల్‌ని ఉంచేస్తాను, దాన్ని ఎవరూ ఎంచుకోకపోవడం నాకు మంచి కబురే. బలవంతంగా ఇంకో పేరు తెచ్చి అది సగం నిజమైతే ఉన్న ప్రశ్న పాడవుతుంది.

అన్నిటికన్నా నేను భయపడే అంకె వేరు. మొత్తం మీద మంచి మార్కులొచ్చినవాళ్లే ఒక డిస్ట్రాక్టర్ వైపు ఎక్కువగా పోతే, తప్పు వాళ్లది కాకపోవచ్చు. ఆస్పిరిన్ మీద అలా జరిగితే, మా స్టెమ్ ఆస్పిరిన్‌ని సరిగ్గా కొట్టేయలేదేమో అని మళ్లీ చూడాలి. కీ నిలబడకపోతే ఆ ప్రశ్నని మార్కుల్లోంచి తీసేయాలి. పీజీలు కీ మీద అభ్యంతరం రాసిచ్చినప్పుడు కూడా అదే పద్ధతి. వాళ్లు చూపించిన కారణాన్ని మా వివరణ పక్కన పెడతాం. మా వివరణ దాన్ని ఎదుర్కోగలిగితే కీ ఉంటుంది, లేకపోతే పోతుంది. హోదాతో తేల్చే వ్యవహారం కాదు.

ఒక సైకియాట్రీ విభాగంలో పీజీలు కొద్దిమందే ఉంటారు. అంత చిన్న గుంపులో 27 శాతం అంటే ఒకరో ఇద్దరో, ఆ అంకెలకి అర్థం ఉండదు. ఒకే ప్రశ్నని కొన్ని బ్యాచ్‌లకి వాడి కలిపి చూస్తేనే ఏమైనా చెప్పగలం. అప్పటిదాకా నేను చేసేది వేరు. పరీక్ష అయ్యాక ఒక్కొక్కరితో కూర్చుని, "దీన్ని ఎందుకు పెట్టావమ్మా?" అని అడుగుతాను. "ఆస్పిరిన్ కూడా ఎన్‌ఎస్‌ఏఐడీయే కదా మేడం" అన్న జవాబు వస్తే ఆ డిస్ట్రాక్టర్ తన పని చేసింది. "మిగతావి తెలియవు మేడం, ఇదొక్కటే విన్న పేరు" అంటే ఆ ఆప్షన్ గురించి నాకు ఏమీ తెలియలేదు. నెగెటివ్ మార్కులున్న పరీక్షల్లో ఇదీ తెలియదు, సందేహం ఉన్నవాళ్లు ఖాళీ వదిలేస్తారు, వాళ్ల పొరపాటు ఆలోచన కాగితం మీద పడదు. నీట్ పీజీలో తప్పుకి ఒక మార్కు పోతుంది, లక్షలమందిని వరసలో నిలబెట్టే పరీక్షకి దాని అవసరం దానికి ఉండొచ్చు. విభాగంలో నేర్పడం కోసం పెట్టే పరీక్షకి మాత్రం నెగెటివ్ మార్కులు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ పనిలో ఉన్న తోటి అధ్యాపకులకి ఒక విన్నపం. పరీక్ష అయ్యాక నోటీసు బోర్డు మీద కీ ఒక్కటే అంటించి వదిలేయకండి. ఒక్కో తప్పు జవాబు ఎందుకు తప్పో, ఎలాంటి ఆలోచన దాని దగ్గరికి తీసుకెళ్లిందో రాసిన కాగితాన్ని కూడా పీజీల చేతికి ఇవ్వండి. ఆ ప్రశ్న మళ్లీ వాడలేమే అనిపిస్తుంది. వాడకపోయినా ఫర్వాలేదు, కొత్తది రాయండి.